ఆది నిష్ఠూరమే మేలు నాయనా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే ఆదివారం పొలం పంపకాలకు నువ్వూ అన్నయ్యా పెద్దమనుషుల ముందు కూర్చుంటున్నారని, నువ్వు టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. మీ నాన్నా నేనూ ఒకప్పుడు అలాగే కూర్చున్నాం. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నాలుగెకరాలు చెరి సగం అనుకున్నాం. బోరు నా వంతులో పడింది. నీళ్ల వంతులెలా, మోటారు కాలితే ఖర్చెవరిది అన్నది ఎవరూ ఎత్తలేదు. నా మనసులో ఉంది. తమ్ముడి దగ్గర డబ్బు మాటేం బాగుంటుందని ఊరుకున్నాను. "ఇద్దరికీ సమ్మతమేనా?" అని అడిగితే తల దించుకుని కూర్చున్నాను. మౌనం అర్ధాంగీకారం కదా, సమ్మతమనే రాసేశారు.

రెండేళ్లకు, వరి పొట్ట మీద ఉండగా మోటారు కాలింది. వైండింగ్ చేయించి, బిల్లు పట్టుకుని మీ నాన్న దగ్గరికి వెళ్లాను. "బోరు నీ పొలంలోనే ఉంది కదన్నయ్యా" అన్నాడు. "నువ్వు ఏనాడు పొలంలో కాలు పెట్టావురా?" అనేశాను. మోటారుకీ ఆ మాటకీ సంబంధమే లేదు. దానికి వాడొకటి, దానికి నేనొకటి. నీటికి నాచు తెగులు, మాటకు మాట తెగులు అంటారు. నాచు ఒక మూల మొదలై చెరువంతా కమ్మినట్టు, మా మాటలు మా అమ్మ వైద్యం ఖర్చు దాకా పాకాయి. పెదవి దాటితే పృథివి దాటుతుంది. చీకటి పడేలోపు టీ కొట్టు దగ్గర అదే కబురు. మూడేళ్లు ఒకరి గడప ఒకరం తొక్కలేదు. ఆ బిల్లు ఎంతో ఇప్పుడు నాకు గుర్తు లేదు. అన్న మాట మాత్రం పొల్లు పోకుండా గుర్తుంది.

మాట్లాడాల్సిన చోట ఊరుకున్నాను, ఊరుకోవాల్సిన చోట మాట్లాడాను. ఆది నిష్ఠూరం మేలన్న సామెత కాగితం రాయకముందుకు. ఊరకున్నంత ఉత్తమం లేదన్నది మనసు నొచ్చుకున్న క్షణానికి. నేను వాటిని తారుమారు చేశాను.

కాబట్టి శనివారమే ఒక చీటీ మీద బోరు, మోటారు రిపేరు, కరెంటు మీటరు, గట్టు మీది చెట్లు రాసుకో. అన్నీ తేలాకే సంతకం పెట్టు. అన్నయ్య మొహం చిన్నబోయినా సరే, ఆ రోజే అడుగు.

అన్నయ్య నీ చదువు ఖర్చు ఎత్తితే మాత్రం జవాబు చెప్పకు. "అది తర్వాత మాట్లాడుకుందాం అన్నయ్యా, ముందు బోరు సంగతి తేల్చుకుందాం" అను. నీ నోట్లో "ఏనాడు" అనే మాట మెదిలిందంటే అది పొలం సంగతి కాదని తెలుసుకో. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి రా. అయితే ఆ ఖర్చును నీ వంతులోంచి తగ్గించి రాస్తామంటే అప్పుడు ఊరుకోకు. అది కాగితంలోకి వెళ్లే మాట.

చీటీ రాశాక నాకు ఫోన్‌లో చదివి వినిపించు. వెనక చేలోకి వెళ్లే బండి బాట మర్చిపోకు.

మీ పెదనాన్న