గోల్డ్ స్కీమ్ మధ్యలో ఆపేస్తే లెటర్‌లో అడగాల్సింది గ్రాములా, రూపాయలా?

ప్రశ్న: గాజువాకలో ఉంటామండి. ద్వారకానగర్‌లో ఒక షాపులో నెలకు 5,000 చొప్పున గోల్డ్ స్కీమ్ 7 నెలలు కట్టాం. ఇక కట్టలేం. కౌంటర్‌లో అడిగితే 11 నెలలయ్యాక నగే తీసుకోవాలంటున్నారు. జమైన విలువ ఇవ్వమని లెటర్ ఎలా రాయాలి?

జవాబు: లెటర్ రాసే ముందు పాస్‌బుక్ తీయండి. ప్రతి వాయిదా ఎదురుగా రూపాయలు మాత్రమే ఉన్నాయా, గ్రాములు కూడా రాశారా చూడండి. రూపాయలే ఉంటే మీకు జమైంది 35,000, అంతే. బోనస్ చివరి వాయిదా దాకా కట్టినవాళ్లకే ఇస్తారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. గ్రాములు రాసి ఉంటే మాత్రం లెక్క వేరు.

ఉదాహరణకు మీరు కట్టిన రోజుల్లో 22 క్యారట్ గ్రాము ధర వరసగా 9,000, 9,100, 9,250, 9,400, 9,600, 9,800, 10,000 అనుకుందాం. మొదటి నెల 5,000కి 0.555 గ్రాము, చివరి నెల 0.500 గ్రాము. ఏడూ కలిపితే 3.705 గ్రాములు. ఇవాళ ధర 10,200 అయితే దాని విలువ 37,791. అంటే కట్టినదాని కంటే 2,791 ఎక్కువ. "డబ్బు వాపసు ఇవ్వండి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే, షాపువాళ్లు 35,000 ఇచ్చి ఖాతా మూసేస్తారు. ధర తగ్గి ఉంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు రూపాయలే అడగండి.

నగగా తీసుకుంటే ఎలా ఉంటుందో కూడా చూసుకోండి. 3.700 గ్రాముల ఉంగరానికి బంగారం 37,740. తరుగు 12 శాతం అంటే 4,529. రెండూ కలిపిన మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 1,268. చేతి నుంచి దాదాపు 5,800 పెట్టాలి, ఎందుకంటే తరుగు మినహాయింపు కూడా సాధారణంగా పూర్తిగా కట్టినవాళ్లకే. ఇంట్లో నగ అవసరం ఎలాగూ ఉంటే ఆ ఖర్చు ఏ షాపులోనైనా తప్పదు. లేకపోతే 2,791 లాభం కోసం 5,800 వదులుకోవడం దండగ.

లెటర్ ఇలా రాయండి:

"బ్రాంచ్ మేనేజర్ గారికి,
విషయం: స్కీమ్ ఖాతా నం. ____ ముగింపు, జమైన విలువ చెల్లింపు.
పై ఖాతాలో నెలకు రూ.5,000 చొప్పున 7 వాయిదాలు, మొత్తం రూ.35,000 కట్టాను. మీ రసీదుల ప్రకారం 3.705 గ్రాముల 22 క్యారట్ బంగారం నా పేర జమైంది. ఈ లెటర్ తేదీ నుంచి ఇక వాయిదాలు కట్టను. జమైన బరువుకు, చెల్లించే రోజున మీ షాపు ధర ప్రకారం విలువ ఇవ్వగలరు. అలా కుదరదంటే ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలిపి, కట్టిన రూ.35,000 కోత లేకుండా 15 రోజుల్లో నా బ్యాంకు ఖాతాకు పంపగలరు. వాయిదాల వారీగా తేదీ, ధర, బరువు చూపే స్టేట్‌మెంట్ కూడా ఇవ్వగలరు. పాస్‌బుక్, రసీదుల జిరాక్సులు జతచేశాను."

కింద సంతకం, ఫోన్ నంబరు, ఖాతా వివరాలు. ఒరిజినల్ పాస్‌బుక్ మాత్రం డబ్బు పడేదాకా ఇవ్వకండి. అది వాళ్ల దగ్గరికి వెళ్లాక మీ దగ్గర రుజువు మిగలదు. లెటర్ రెండో కాపీ మీద తేదీ, షాపు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే లెటర్‌ను స్పీడ్ పోస్ట్‌లో, అందినట్టు రుజువు వచ్చేలా హెడ్డాఫీసుకు పంపండి. కౌంటర్‌లో మాటలకు విలువ లేదు.

స్టేట్‌మెంట్ వచ్చాక ప్రతి తేదీ సరిపోల్చండి. తేడాలు ఎక్కువగా యూపీఐలో కట్టిన వాయిదాల్లో వస్తాయి: మీరు శనివారం రాత్రి కడితే షాపు సోమవారం ధరకు జమ చేసి ఉండొచ్చు. బ్యాంకు మెసేజ్ తేదీ చూపించి సరిచేయమనండి. డబ్బు వెనక్కిచ్చేటప్పుడు జీఎస్టీ పేరుతో 3 శాతం కోస్తామంటే ఒప్పుకోకండి. అమ్మకమే జరగలేదు, సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సు మీద జీఎస్టీ లేదు.

"11 నెలలు" అనే మాట వెనక ఒక కారణం ఉంది. కంపెనీగా నమోదైన షాపు, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లో సరుకుగా సర్దాలి. లేకపోతే 2014 నాటి డిపాజిట్ల నిబంధనల కింద అది డిపాజిట్ అవుతుంది. ఆ తలనొప్పి వద్దనే స్కీమ్‌ను ఏడాదిలోపు ముగిస్తారు. మొదటి వాయిదా కట్టి ఏడాది దగ్గరపడుతున్నా జవాబు రాకపోతే, ఆ 365వ రోజు ఏ తేదీన వస్తుందో అందులో చూపిస్తూ రెండో లెటర్ రాయండి. అకౌంట్స్ వాళ్లు వెంటనే చదువుతారు.

15 రోజులు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అప్పటికీ తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్. ఇంత మొత్తానికి ఫీజు ఉండదు, వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి.