34 కేజీలు తగ్గినా, ఇప్పుడు పొట్ట సంచిలా వేలాడుతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. వయసు 37, ఎత్తు 5.2. ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్లే. 12 ఏళ్లుగా లావుగానే ఉన్నా. 102 కేజీల నుంచి 5 నెలల్లో 68కి వచ్చినా. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కప్పు అన్నం, కూర, రాత్రి పండ్లు, రోజూ గంటన్నర వాకింగ్, అంతే. ఇప్పుడు కింది పొట్ట వేలాడుతోంది, జబ్బలు జాకెట్ కింద నుంచి జారుతున్నాయి, జుట్టు కూడా రాలుతోంది. ఏమన్నా క్రీములు ఉన్నాయా, ఆపరేషనే చేయించుకోవాలా?

జవాబు: క్రీములు లేవమ్మా, ఆ మాట ముందే చెప్పేస్తా. పూసేది పై పొరను కాస్త మెత్తగా ఉంచుతుంది, సాగిపోయింది దాని కింద పొర, అక్కడిదాకా ఏ డబ్బా పనిచేయదు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు.

ముందు ఒక పని చేయండి. నిలబడి, బొడ్డు కింద వేలాడే మడతను బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టుకోండి. పల్చగా, ముడతలు ముడతలుగా, వట్టి తోలు లాగా చేతికొస్తే అది చర్మమే. అట్లా కాకుండా మెత్తగా, అంగుళం మందాన, పిండి ముద్ద పట్టుకున్నట్టు ఉంటే దాంట్లో ఇంకా కొవ్వు ఉందని. మీ ఎత్తుకు 68 కేజీలంటే ఇంకా ఒక 8, 10 కేజీలు దిగడానికి చోటుంది, కాబట్టి మీరు చర్మం అనుకుంటున్న దాంట్లో కొంత కొవ్వే అయ్యుండొచ్చని నా అంచనా, అది మెల్లగా కరిగేదే. నా దగ్గరికి చర్మం అంటూ వచ్చేవాళ్లు చాలామంది దీన్నే చూపిస్తారు.

ఇంకొకటి కూడా చూసుకోండి, ఇద్దరు పిల్లల తల్లి కదా. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకెత్తి, బొడ్డుకు కాస్త పైన నడిమధ్యలో వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కండి. రెండు వేళ్లకు మించి సందులోకి దిగితే కాన్పుల్లో విడిపోయిన పొట్ట కండరాలు మళ్లీ దగ్గరికి రాలేదన్నట్టు. అప్పుడు పొట్ట ముందుకొచ్చినట్టు కనిపించేది చర్మం వల్ల కాదు, యూట్యూబ్ చూసి పడుకుని లేచే క్రంచెస్ చేస్తే అది ఇంకా ఉబ్బొచ్చు, ఫిజియోథెరపీ వాళ్లకు చూపించి మొదలుపెట్టండి. దగ్గినప్పుడు పాత కుట్ల దగ్గరో బొడ్డు దగ్గరో గడ్డలా పైకొస్తే మాత్రం హెర్నియా కావొచ్చు, బరువులు ముట్టుకోకుండా ముందు సర్జన్‌ను కలవండి.

ఇక చర్మం ఎందుకు వెనక్కి రాలేదంటే, చర్మం లోపలి పొరలో కొల్లాజెన్ అని గట్టిదనం ఇచ్చేది ఒకటి, ఎలాస్టిన్ అని సాగి మళ్లీ ముడుచుకునేది ఒకటి ఉంటాయి. చుడీదార్ ప్యాంటు ఎలాస్టిక్ ఒక రోజు లాగితే మళ్లీ దగ్గరికొస్తుంది, పన్నెండేళ్లు లాగిపట్టి ఉంచితే దారాలు తెగి అట్లాగే ఉండిపోతుంది కదా, అట్లా. ఎంత బరువు తగ్గారన్న దానితో పాటు ఎన్నేళ్లు ఆ బరువుతో ఉన్నారన్నదీ పెద్ద లెక్కే. వయసు, కాన్పులు, ఇంట్లోవాళ్ల నుంచి వచ్చే చర్మ తత్వం, ఎండలో తిరగడం, మగవాళ్లలో ఎక్కువగా సిగరెట్టు, ఇవన్నీ దానికి తోడు. పాతికేళ్ల పిల్లాడు రెండేళ్లు లావై తగ్గితే చాలావరకు సర్దుకుంటుంది, మీకు అంత సర్దుకోదు, ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

కానీ మీ చేతిలో ఉన్నది ఒకటుంది, కండ. 5 నెలల్లో 34 కేజీలంటే వారానికి కేజీన్నర పైమాటే, అరకేజీ నుంచి కేజీ దాకా అయితే బాగుండేది. ఇట్లా కడుపు మాడ్చుకుని వట్టి నడకతో తగ్గినప్పుడు పోయిన బరువులో దాదాపు పావు వంతు కొవ్వు కాదు, కండ, దాంతో పాటు ఉండే నీరు. అంటే మీకు 8 కేజీల దాకా అట్లా పోయి ఉండొచ్చు. చర్మం కింద కొవ్వూ పోయె, దాని వెనక ఆనుకునే కండా పోయె, ఇంక జబ్బ వేలాడక ఏం చేస్తుంది! మెల్లగా తగ్గితే చర్మం దానంతటదే బిగుసుకుంటుందని కొందరు చెప్తారు, అంత గ్యారంటీ లేదు, మెల్లగా తగ్గితే కండ మిగులుతుంది, చర్మం ముడుచుకోవడానికి టైమ్ దొరుకుతుంది, అసలు లాభం అదీ. జుట్టు రాలడం కూడా ఈ స్పీడుకు వచ్చిందే అయ్యుండొచ్చు, అయినా ఒకసారి రక్తం, ఐరన్, థైరాయిడ్ టెస్టులు చేయించండి.

ఇప్పుడు ఒక మూడు నెలలు బరువు తగ్గించే ఆలోచనే పక్కన పెట్టండి. మీ తిండిలో ప్రొటీన్ 30 గ్రాములు దాటినట్టు లేదు, మీకు రోజుకు 80 గ్రాముల దగ్గరికి కావాలి. పొద్దున జావతో పాటు రెండు ఉడికిన గుడ్లు, సాయంత్రం ఒక గిన్నె ఉలవ గుగ్గిళ్లు, గుప్పెడు వేయించిన శెనక్కాయలు (మన అనంతపురంలో వీటికి కొదవేముంది, కాకపోతే గుప్పెడు రెండు గుప్పెళ్లు కాకూడదు), మధ్యాహ్నం అన్నం మీద పప్పు చారు కాదు గట్టి పప్పు, పెద్ద కప్పు పెరుగు, దాంతో పాటు నూనె తక్కువేసి వండిన చికెన్ ఒక 120 గ్రాములు, చికెన్ లేని రోజు మీల్ మేకర్ అయినా సరే. రాత్రి వట్టి పండ్లు ఆపేయండి, చిన్న సంగటి ముద్దతో పప్పో గుడ్డో తినండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క డాక్టర్‌ను అడక్కుండా పాటించొద్దు.

వాకింగ్ అరగంటకు దించి, ఆ మిగిలిన టైమ్‌లో వారానికి మూడు రోజులు కండ పని చేయండి, జిమ్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి పుషప్స్, పడుకుని నడుము పైకెత్తడం, సంచిలో 5 కేజీల బియ్యం పోసి నడుము వంచి పొట్ట వైపుకు లాగడం, రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు తలపైకి ఎత్తడం, ఒక్కోటి 10 సార్లు, మూడు విడతలు. గుర్తు ఏమంటే, చివరి రెండుసార్లు కష్టమనిపించాలి, 15 సార్లు సులువుగా వస్తోందంటే బియ్యం ఇంకో కేజీ పోయాలి. అందరూ తప్పేది ఇక్కడే, ఆరు నెలలు అదే బాటిల్ ఎత్తుతారు. మూడు నెలల తర్వాత కూడా 68 దగ్గరే ఉండి జాకెట్ చెయ్యి కొంచెం నిండినట్టు, నడుము టేపు కొలత ఒక అంగుళం తగ్గినట్టు ఉంటే దారిలోనే ఉన్నారు, అప్పుడు నెలకు రెండు కేజీల చొప్పున 60 దాకా దిగండి. జబ్బలు, తొడలు బాగానే తేరుకుంటాయి, కింది పొట్ట అన్నిటికన్నా తక్కువ తేరుకుంటుంది, ఏడాది, రెండేళ్ల దాకా మెల్లగా మారుతూనే ఉంటుంది.

ఎండాకాలంలో ఆ మడత కింద చెమట నిలిచి ఎర్రగా దురద వస్తుంది, స్నానం అయ్యాక మెత్తటి గుడ్డతో ఒత్తి పూర్తిగా ఆరనివ్వండి, మధ్యలో కాటన్ గుడ్డ పెట్టుకోండి. మెడికల్ షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిపిన ట్యూబ్ ఇచ్చేస్తారు, రెండు రోజులు హాయిగా ఉండి తర్వాత ఫంగస్ రెట్టింపవుతుంది, ఆ మడత చర్మం ఇంకా పల్చబడి చారలొస్తాయి, దాని జోలికి పోవద్దు. మాటిమాటికి వస్తుంటే షుగర్ టెస్ట్ కూడా చేయించాలి.

ఆపరేషన్ గురించి 60కి వచ్చి, ఆ బరువు మీద కనీసం 6 నెలలు కదలకుండా ఉన్నాక, పిల్లలు ఇక చాలు అనుకున్నాక ప్లాస్టిక్ సర్జన్‌తో మాట్లాడండి. ఇప్పుడు చేయిస్తే మళ్లీ 8 కేజీలు తగ్గినప్పుడు మళ్లీ వేలాడుతుంది. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత ఉంటుంది, ఆ మచ్చ పోదు, అయితే చీర కట్టుకు కిందే ఉండేట్టు చూస్తారు, విడిపోయిన కండరాలుంటే అదే ఆపరేషన్‌లో కుట్టేస్తారు కాబట్టి పైన చెప్పిన వేళ్ల టెస్టులో ఏం తేలిందో ఆయనకు చెప్పడం మర్చిపోవద్దు.