పీఎంపీ పరీక్ష వాయిదాకి లెటర్: డిశ్చార్జ్ సమ్మరీ రాకముందే ఏ పేపర్లు పంపాలి?

ప్రశ్న: సోమవారం పొద్దున 9 గంటలకి అమీర్‌పేట సెంటర్‌లో నా పీఎంపీ పరీక్ష. శనివారం రాత్రి నాన్నకి స్ట్రోక్ వచ్చింది, ఐసీయూలో ఉన్నారు. డేట్ మార్చబోతే ఫీజు మొత్తం పోతుందని స్క్రీన్ మీద వస్తోంది. పరీక్ష పెట్టే పీఎంఐకి లెటర్ రాస్తే ఒప్పుకుంటారా? డిశ్చార్జ్ సమ్మరీ ఇంకా చేతికి రాలేదు, ఏం జత చేయాలి?

జవాబు:

మా అమ్మకి గుండెకి స్టెంట్ వేసినప్పుడు నాదీ ఇదే పరిస్థితి. లెటర్ రాశాను, ఒప్పుకున్నారు. డిశ్చార్జ్ సమ్మరీ కోసం ఆగకండి, అది లేకుండానే మొదలుపెట్టొచ్చు.

ముందు గడువు సంగతి. పరీక్షకి 30 రోజుల ముందు వరకు డేట్ ఉచితంగా మార్చుకోవచ్చు. 30 రోజుల లోపు వస్తే 70 డాలర్లు కడితే సరిపోతుంది, ఆ దశలో లెటర్‌తో పని లేదు. మిగిలింది 48 గంటల కంటే తక్కువైతే ఇక బటన్‌తో అయ్యే పని కాదు, నొక్కితే ఫీజు మొత్తం పోతుంది. మీరిప్పుడు ఉన్నది అక్కడే, కాబట్టి ఆ బటన్ జోలికి పోకండి. ఇలాంటి వాళ్ల కోసమే పీఎంఐ హ్యాండ్‌బుక్‌లో ‘ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్’ అని ఒక నిబంధన ఉంది. తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లల వంటి దగ్గరి కుటుంబసభ్యుల అనారోగ్యం అందులోకి వస్తుంది. ఆఫీసు పని వల్ల రాలేకపోయామంటే మాత్రం లెక్కలోకి తీసుకోరు. అందుకని లెటర్‌లో ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందనీ, మేనేజర్ లీవు ఇవ్వలేదనీ ఒక్క ముక్క కూడా కలపకండి.

పరీక్ష సమయం దాటాక 72 గంటల్లోపు ఆధారాలతో సహా వాళ్లకి చెప్పాలి. మీ విషయంలో అంటే గురువారం పొద్దున 9 లోపు. అయినా ఈ రోజే పంపండి. పరీక్షకి ముందే చెప్పినట్టు రికార్డు ఉంటే మంచిది. పంపాల్సింది పీఎంఐ కస్టమర్ కేర్‌కి. పియర్సన్ వ్యూ వాళ్లు స్లాట్లు, సెంటర్లు చూసుకునేవాళ్లే, ఫీజు మాఫీ వాళ్ల చేతుల్లో లేదు. సెంటర్‌కి ఫోన్ చేసి బతిమాలడం టైం వృథా.

ఇక పేపర్ల విషయం, అసలు చిక్కంతా ఇక్కడే. మీ కేసు చూసే మనిషికి మన ఊరూ తెలియదు, మన పేర్ల పద్ధతీ తెలియదు. పేషెంట్ మీకు ఏమవుతారు, పరీక్ష రోజున ఆసుపత్రిలోనే ఉన్నారా అన్న రెండూ పేపర్లలోనే కనబడాలి.

తేదీ కోసం ట్రీటింగ్ డాక్టర్ లెటర్ కావాలి. మా ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో ‘డిశ్చార్జ్ అయ్యాకే ఏ పేపరైనా’ అని తిప్పి పంపేశారు. అక్కడ అడిగితే అంతే. వార్డు సిస్టర్‌కి చెప్పి, డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ‘ఇన్‌పేషెంట్ సర్టిఫికెట్’ కావాలని అడిగాను, లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాయించి సంతకం పెట్టారు. అందులో పేషెంట్ పూర్తి పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ, జబ్బు ఏమిటో ఒక లైను, ‘ఈ తేదీ నాటికి ఇంకా అడ్మిషన్‌లోనే ఉన్నారు’ అన్న వాక్యం, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి స్టాంపు ఉండాలి. ఆ ‘ఇంకా అడ్మిషన్‌లోనే’ అన్న మాట లేకపోతే శనివారం చేరి ఆదివారం ఇంటికి వెళ్లిపోయారేమో అనుకోవచ్చు. వీలైతే ఆ లెటర్ సోమవారం తేదీతో మరొకటి తీసుకుని తర్వాత పంపండి. అడ్మిషన్ స్లిప్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే చాలదు.

బంధుత్వం కోసం చాలామంది ఆధార్ పెడతారు. ఈ మధ్య ఆధార్ కార్డుల్లో కేరాఫ్ అని పేరు మాత్రమే ఉంటోంది, ఆయన మీకేమవుతారో ఉండదు. నాన్న విషయంలో మీ పాన్ కార్డు సులువు, తండ్రి పేరు దాని మీదే ఉంటుంది. మా అమ్మ విషయంలో పాస్‌పోర్ట్ చివరి పేజీ పనికొచ్చింది. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్‌తో క్యాష్‌లెస్ చేయించి ఉంటే, ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన అప్రూవల్ లెటర్ ఒకసారి తెరిచి చూడండి. నాకు వచ్చినదాంట్లో ఉద్యోగి పేరు, పేషెంట్ పేరు, బంధం, ఆసుపత్రి, చేరిన తేదీ అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. ఆ ఒక్క పేపరే నా పని సగం చేసింది.

పేర్లు తేడా రావడం మన దగ్గర మామూలే. పాన్‌లో నాన్న పేరు ఇంటిపేరుతో పూర్తిగా ఉంటుంది, ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌లో కంగారులో ఎవరో ఇనీషియల్‌తో చెప్పి ఉంటారు. దాన్ని దాచకుండా లెటర్‌లోనే ఒక లైను రాయండి: ‘ఆసుపత్రి రికార్డులో ఇంటిపేరు మొదటి అక్షరంగా మాత్రమే ఉంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంది, ఇద్దరూ ఒకరే.’

లెటర్ ఇంగ్లీషులోనే వెళ్లాలి, ఒక పేజీ దాటకూడదు. నేను రాసిన వరస మీ వివరాలతో ఇలా ఉంటుంది:

‘నా పీఎంఐ ఐడీ ఇది. సోమవారం ఫలానా తేదీ ఉదయం 9 గంటలకి హైదరాబాద్ సెంటర్‌లో నాకు పీఎంపీ పరీక్ష ఉంది. శనివారం రాత్రి మా నాన్నగారికి స్ట్రోక్ రావడంతో ఆసుపత్రి ఐసీయూలో చేర్చాం, ఇంకా అక్కడే ఉన్నారు. చికిత్సకి సంబంధించిన సమ్మతి పత్రాల మీద సంతకాలు చేయాల్సిన కుటుంబసభ్యుణ్ని నేనే, కాబట్టి పరీక్షకి రాలేను. దీన్ని ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ కింద పరిగణించి, ఫీజు పోకుండా మరో తేదీ ఎంచుకునే వీలు కల్పించమని కోరుతున్నాను. డాక్టర్ లెటర్, అడ్మిషన్ స్లిప్, పాన్ కార్డు జత చేశాను. డిశ్చార్జ్ సమ్మరీ అందగానే పంపుతాను.’

సంతకాల లైను మీ ఇంట్లో నిజమైతేనే ఉంచండి. అన్నదమ్ములు ఉండి వంతులు వేసుకుంటుంటే అదే రాయండి, అది కూడా కారణమే. ఎంత కష్టపడి చదివామో, ఈ సర్టిఫికెట్ లేకపోతే ప్రమోషన్ పోతుందనో రాయడం వల్ల ఉపయోగం లేదు, పైగా అది ఆఫీసు కారణంలా వినిపిస్తుంది.

పేపర్లన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలపండి. ఫైలు పేరులో మీ పీఎంఐ ఐడీ పెట్టండి. స్కాన్ రిపోర్టులు, మందుల బిల్లుల కట్టలు అక్కర్లేదు, నాన్నగారి వైద్యం వివరాలు అవసరానికి మించి ఎందుకు బయటికి ఇవ్వడం? పాన్ నంబరు మీద ఒక పట్టీ పెట్టి స్కాన్ చేసినా వాళ్లకి కావాల్సింది పేర్లే.

పంపాక ఒక కేసు నంబరు వస్తుంది. తర్వాత పంపే ప్రతిదీ ఆ ఈమెయిల్‌కే జవాబుగా పంపండి, కొత్త ఈమెయిల్ మొదలుపెడితే పాత పేపర్లతో కలవదు. నన్ను పరీక్ష రోజు అమ్మ ఆసుపత్రిలోనే ఉన్నట్టు ఆధారం అడిగారు, డిశ్చార్జ్ సమ్మరీ పంపాక ఒప్పుకున్నారు. ప్రతి కేసూ విడిగా చూస్తారు కాబట్టి కాదనే అవకాశమూ ఉంది, అప్పుడు మళ్లీ రాయడానికి రీ-ఎగ్జామ్ ఫీజు కట్టాలి.

ఇంకొకటి, ఈ హడావిడిలో మరిచిపోయేది. మీ అప్లికేషన్ ఆమోదం పొందిన రోజు నుంచి ఏడాదిలోపే పరీక్ష రాయాలి, వాయిదా ఇచ్చినంత మాత్రాన ఆ గడువు దానంతటదే జరగదు. డాష్‌బోర్డులో చివరి తేదీ చూసుకోండి. అది రెండు మూడు నెలల్లోపే ఉంటే, గడువు పొడిగించమని ఇదే లెటర్‌లో విడిగా ఒక వాక్యం రాయండి.