నీలి టిక్ రాలేదని కేసు వేయవచ్చా?

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్ముతాను. మెటా వెరిఫైడ్‌కి డబ్బు కట్టి రెండుసార్లు దరఖాస్తు చేస్తే, రెండుసార్లూ తిరస్కరించారు. నా ప్రొఫైల్ పేరు Sravani Kiran Sarees, ఫొటో షాపు లోగో. ఆధార్‌లో Pothula Sravani అని ఉంది. పెళ్లయ్యాక మావారి పేరు కలుపుకున్నాను, అదీ తప్పేనా? అత్తారింట్లో పరువు పోయింది. కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: టిక్ కోసమైతే కేసు నిలవదు. ప్రొఫైల్ పేరు, ఫొటో గుర్తింపు కార్డుతో సరిపోవాలన్నది మీరు ఒప్పుకున్న షరతే. పెళ్లి సంగతి పక్కన పెట్టండి. ఆధార్‌లో Kiran చేర్చుకున్నా మూడోసారీ తిరస్కరించేవారు, ఎందుకంటే Sarees అన్న మాట ఏ మనిషి కార్డులోనూ ఉండదు. మొదటి తిరస్కరణ తర్వాత కారణం చదవకుండా అదే దరఖాస్తు మళ్లీ పంపడం మీ అజాగ్రత్త.

సరిచేయాల్సింది ప్రొఫైల్‌ని, కార్డుని కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో Name, Username రెండూ వేరు. కార్డుతో పోల్చేది Name ని. అక్కడ Pothula Sravani అని, కార్డులో ఉన్న అక్షరాలే, అదే వరుసలో పెట్టండి. షాపు పేరు Username లోనూ బయోలోనూ ఉంచుకోవచ్చు. లోగో తీసి మీ ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో పెట్టండి. 14 రోజుల్లో Name రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు, కాబట్టి కార్డు ముందు పెట్టుకుని టైప్ చేయండి. కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్నవాళ్లు, పూర్తి పేరున్న పాస్‌పోర్టు ఉంటే అది వాడుకోవడం మేలు. టిక్ వచ్చాక పేరు మారిస్తే మళ్లీ ధృవీకరణ తప్పదు.

పెళ్లి పేరే కావాలంటే వివాహ ధృవపత్రంతో ఆధార్‌లో మార్పించుకోవచ్చు. కానీ జన్మలో రెండుసార్లే ఆ వీలుంది. ఆధార్ మారితే పాన్, బ్యాంకు ఖాతా కూడా మార్చుకోవాలి. టిక్ కోసం అంత పని పెట్టుకోవద్దు.

ఆధార్ ఫొటోలో ఫోన్‌తోనే పేరు దిద్ది పంపమని ఎవరైనా చెబితే అస్సలు వినకండి. అది ఫోర్జరీ. దిద్దడం భారతీయ న్యాయ సంహిత 336 కిందికి, దాన్ని అసలుదిగా వాడడం 340 కిందికి వస్తాయి. దిద్దినవాడు ఏజెంటైనా, ఖాతా మీదే కదా!

ఇక కట్టిన డబ్బు. తిరస్కరించాక అది తిరిగి రాకపోతే మాత్రం మీకు ఫిర్యాదు ఉంది. తిరస్కరణ సందేశం తేదీతో సహా స్క్రీన్‌షాట్, చెల్లింపు ఆర్డర్ నంబరు, ఆ తర్వాతి బ్యాంకు స్టేట్‌మెంటు దాచండి. ఆ ఫోన్ పారేయకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, 5 లక్షల లోపు చెల్లింపుకు ఫీజు లేదు. గడువు వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. రెండు దరఖాస్తులకూ ఆ లెక్క విడివిడిగా నడుస్తుంది.