ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోటోలో తీసేసిన వస్తువు తిరిగి రాదు

"గింప్‌లో అమ్మానాన్నల ఫోటో నుంచి తులసికోటను తీసేసి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాను. ఇప్పుడు అమ్మ అది కావాలంటోంది. ఆ ఫైల్ నుంచి తెప్పించవచ్చా?"

ఆ ఫైల్ నుంచి రాదండి. జేపెగ్‌లో లేయర్లు ఉండవు, ఒక్కో చుక్కకు ఒక్క రంగే ఉంటుంది. మీరు క్లోన్ టూల్‌తో పక్కనున్న గోడను తెచ్చి కోట మీద రుద్దినప్పుడు ఆ చుక్కల పాత రంగులు చెరిగిపోయి గోడ రంగులు వచ్చాయి. ఆ గోడ రంగుల వెనక కోట దాగి లేదు, అసలు లేనే లేదు.

గింప్ ఇంకా మూయకపోతే టెన్షన్ వద్దు, `Ctrl+Z` నొక్కుతూ వెనక్కి వెళ్లండి. మూసేస్తే ఆ చరిత్ర పోతుంది. గింప్ సొంత ఫైల్ అయిన `.xcf`లో కూడా అది ఉండదు. అప్పుడు ఫోన్‌లోనో, వాట్సాప్‌లో ఎవరికైనా పంపిన చోటో పాత ఫోటో ఉందేమో వెతకాలి.

ఇకపై అసలు ఫోటోను ముట్టుకోకండి, ఎక్స్‌పోర్ట్‌కు వేరే పేరు పెట్టండి. పైన ఖాళీ లేయర్ వేసి, క్లోన్ టూల్‌లో `Sample merged` టిక్ చేసి దాని మీదే రుద్దండి. పనిని `.xcf`గా సేవ్ చేసుకోండి. తర్వాత ఆ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే చాలు, కోట కనిపిస్తుంది.