తగిన చర్య అంటే ఏ చర్య?

తమ్ముడూ,

ఫ్రిజ్ కంపెనీకి పంపబోయే మెయిల్‌ని ముందు నాకు చూపించి మంచి పని చేశావు. రెండు రోజులు ఆగి, తిరగరాసి పంపు. నీ కోపంలో న్యాయముంది. కొన్న ఏడు నెలలకే ఫ్రిజ్ మొరాయిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ నీ మెయిల్‌లో ఫ్రిజ్‌కి ఏమైందన్న సంగతి మూడో పేరాలో గానీ బయటపడలేదు. నీకేం కావాలన్నది చివరిదాకా చదివినా తెలియలేదు. మొదటి రెండు పేరాలు ఎంత నమ్మకంతో కొన్నావో, ఎంత మోసపోయాననిపించిందో చెప్పడానికే అయిపోయాయి.

ఈ మెయిల్ ఎవరి చేతికి వెళుతుందో ఊహించుకో. సర్వీస్ డెస్క్‌లో కూర్చున్న మనిషి దాన్ని తెరుస్తాడు. అతని ముందు స్క్రీన్ మీద కొన్ని ఖాళీ గడులుంటాయి. ఏ వస్తువు, ఏ మోడల్, సీరియల్ నంబర్ ఎంత, ఎప్పుడు కొన్నారు, లోపం ఏమిటి, కస్టమర్ ఏం అడుగుతున్నారు. నీ మెయిల్ చదివి అతను ఆ గడులు నింపాలి. లోపం గడిలో పట్టేది ఒకటి రెండు వాక్యాలే. నీ ఇంటికొచ్చే టెక్నీషియన్ చూసేది కూడా చాలాసార్లు ఆ వాక్యాలే, నీ మెయిల్ మొత్తం కాదు. అందుకే ఆ వాక్యాల్ని నువ్వే రాసి ఇవ్వాలి. నువ్వు రాయకపోతే అతను తన మాటల్లో రాసుకుంటాడు. అప్పుడు "ఫ్రిజ్ పనిచేయడం లేదు" అన్న నాలుగు ముక్కలే మిగులుతాయి.

నీ చిత్తుప్రతిలో అసలు చిక్కు లోపాన్ని చెప్పిన తీరులోనే ఉంది. "ఫ్రిజ్ సరిగా పనిచేయడం లేదు, కంప్రెసర్ పోయినట్టుంది" అన్నావు. మళ్లీ కింద ఒకచోట పైన ఫ్రీజర్‌లో ఐస్ బాగానే గడ్డకడుతోందనీ రాశావు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. చలి పుట్టించేది కంప్రెసర్. అది నిజంగా పోతే ఫ్రీజర్ కూడా కరిగిపోవాలి. నీది ఫ్రాస్ట్ ఫ్రీ రకం. ఇలాంటి వాటిలో ఫ్రీజర్ వెనక పుట్టిన చల్లగాలిని ఒక ఫ్యాన్ కింది భాగానికి తోస్తుంది. ఆ ఫ్యాన్ ఆగినా, గాలి దారిలో మంచు పేరుకున్నా, ఆ మంచును కరిగించే హీటర్ చెడినా పైన చలి ఉంటుంది, కింద ఉండదు. వీటిలో నీ ఫ్రిజ్‌కి ఏది వచ్చిందో తేల్చడం టెక్నీషియన్ పని. నువ్వు కంప్రెసర్ అని రాస్తే అతను దానికి సిద్ధపడి వస్తాడు, వచ్చి చూసి కంప్రెసర్ బాగానే ఉందని రాసి వెళ్లిపోయినా అనడానికి నీకేమీ ఉండదు. కాబట్టి కంటికి కనిపించింది, చేతికి తగిలింది, కొలిస్తే తేలింది మాత్రమే రాయి. కారణం జోలికి వెళ్లకు.

కొలవడం అన్నాను కదా, అది చెబుతాను. "చల్లగా ఉండట్లేదు" అంటే ఎంతని వాళ్లకి తెలియదు. సున్నా నుంచి ఇరవై డిగ్రీల దాకా చూపించే థర్మామీటర్ ఒకటి సంపాదించు. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, దాని అంకెలు దాదాపు 35 దగ్గర మొదలవుతాయి. ఒక గ్లాసు నీళ్లలో దాన్ని ఉంచి, కింది భాగంలో మధ్య అరలో పెట్టు. ఉత్త గాలిలో పెడితే తలుపు తీసిన ప్రతిసారీ అంకె మారిపోతుంది, నీళ్లు అంత తొందరగా మారవు. రాత్రి పడుకునే ముందు పెట్టి, మధ్యలో తలుపు తీయకుండా, పొద్దున్నే తీసి వెంటనే ఫోటో తియ్యి. బాగున్న ఫ్రిజ్‌లో 5 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉండాలి. నీకు 12 వచ్చిందనుకో, ఇక ఆ ఒక్క అంకె నీ రెండు పేరాల ఆవేదన కంటే గట్టిగా మాట్లాడుతుంది. దాన్ని ఎవరూ "మీ అభిప్రాయం" అని తీసిపారేయలేరు.

డెస్క్‌లో వాళ్లు మొదట అడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. సెట్టింగ్ ఎంతలో ఉంది? లోపల వెనక గోడకున్న గాలి రంధ్రాలకి గిన్నెలు అడ్డం పెట్టారా? తలుపు సరిగా మూసుకుంటోందా? వీటికి జవాబు మెయిల్‌లోనే ఉంటే ఒక విడత ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి. తలుపు సంగతి చూడటానికి ఒక కాగితం ముక్కను తలుపుకీ రబ్బరుకీ మధ్య పెట్టి మూసి, మెల్లగా లాగు. కాస్త పట్టి ఉంచితే రబ్బరు బాగున్నట్టే. ఇవన్నీ చూశానని ఒక్క వాక్యంలో చెబితే చాలు, కథలా వద్దు.

ఇప్పుడు అడగడం సంగతి. నీ మెయిల్ "దయచేసి తగిన చర్య తీసుకోగలరు" అని ముగిసింది. మనలో చాలామందికి అర్జీ రాస్తే ఆ వాక్యం దానంతటదే వచ్చేస్తుంది. కానీ ఏది తగినదో నిర్ణయించే పని దాంతో అవతలివాళ్ల చేతిలో పెట్టేసినట్టే. వాళ్లు నీకు ఒక సమాధానపు మెయిల్ పంపినా చర్య తీసుకున్నట్టే లెక్క. సాధారణంగా అడగదగినవి మూడు: రిపేరు, మార్చి కొత్తది ఇవ్వడం, డబ్బు వెనక్కి. వాటిలో ఒకటి ఎంచుకో. మూడూ ఒకేసారి అడిగితే ఏదీ అడగనట్టే ఉంటుంది. తెచ్చిన వారంలోనే చెడిపోయి ఉంటే కొత్తదే అడగమనేవాణ్ణి. ఏడు నెలలు వాడాక, ఇదే మొదటి లోపమైనప్పుడు, వారంటీలో ఉచిత రిపేరు అడగడం సబబు. వాళ్లు కాదనలేనిది కూడా అదే. అది కుదరకపోతే ఏం కావాలో పక్కనే ఒక్క మాటలో చెప్పు. వారంటీ కార్డు ఒకసారి తిరగెయ్యి, ఏ భాగానికి ఎన్నాళ్లో అందులో ఉంటుంది. కంప్రెసర్‌కి ఒక గడువు, మిగతా భాగాలకి వేరే గడువు ఉండటం మామూలే.

"వీలైనంత త్వరగా" అని కూడా రాయకు, తేదీ వెయ్యి. ఆ తేదీకల్లా రిపేరు అయిపోవాలని పట్టుబట్టకు, ఎప్పుడు వస్తారో ఆలోగా చెప్పమను. విడిభాగం దొరకడం ఆ డెస్క్ మనిషి చేతిలో లేదు, జవాబు ఇవ్వడం ఉంది.

నేనైతే ఇలా రాస్తాను. తేదీలు, అంకెలు నీవి వేసుకో.

విషయం: ఫ్రిజ్ కింది భాగం 12 డిగ్రీల దగ్గరే ఆగింది, వారంటీలో ఉచిత రిపేరు కోసం (సీరియల్ నంబర్ …)

"నవంబర్ 2న కొన్న మీ డబుల్ డోర్ ఫ్రిజ్‌లో జూన్ 3 నుంచి కింది భాగం చల్లబడటం లేదు. పైన ఫ్రీజర్‌లో ఐస్ మామూలుగానే గడ్డకడుతోంది. జూన్ 5 రాత్రంతా మధ్య అరలో నీళ్ల గ్లాసులో ఉంచిన థర్మామీటర్ పొద్దున్నే 12 డిగ్రీలు చూపించింది. సెట్టింగ్ 4 డిగ్రీల దగ్గర ఉంది.

వారంటీ కింద, విజిట్ చార్జీ సహా ఏ రుసుమూ లేకుండా, టెక్నీషియన్‌ని పంపి రిపేరు చేయించండి. ఏ రోజు వస్తారో జూన్ 9 సాయంత్రంలోగా ఈ మెయిల్‌కే జవాబుగా తెలియజేయండి. రిపేరు వీలుకాదని తేలితే ఇదే మోడల్ కొత్తది ఇవ్వాలని కోరుతున్నాను.

మోడల్ నంబర్: …
సీరియల్ నంబర్: …
బిల్లు నంబర్, తేదీ: …
చిరునామా, ఫోన్: …

గాలి రంధ్రాలకి అడ్డం లేదు, తలుపు రబ్బరు గట్టిగానే పడుతోంది. బిల్లు, నంబర్ల స్టిక్కర్, థర్మామీటర్ ఫోటోలు జత చేశాను."

చూడు, ఎవరినీ తిట్టలేదు, బతిమాలలేదు కూడా. కోర్టు మాట ఎత్తలేదు, ఎందుకంటే ఇది మొదటి మెయిల్. వాళ్లు ఇంకా ఏ తప్పూ చేయలేదు, వస్తువు చెడింది, అంతే. బెదిరింపు ఇప్పుడే వాడేస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు నీ దగ్గర కొత్తగా చెప్పేదేం ఉండదు. నీ చిత్తుప్రతిలో డెలివరీ ఆలస్యమైన సంగతి, కొట్టు వాళ్ల దురుసుతనం కూడా ఉన్నాయి. అవి నిజమే అయినా తీసెయ్యి. అంతగా అనిపిస్తే కొట్టుకి వేరే మెయిల్ రాద్దువు. ఒకే మెయిల్‌లో రెండు ఫిర్యాదులుంటే సులువైన దానికి క్షమాపణ చెప్పి రెండోదాన్ని వదిలేస్తారు.

సీరియల్ నంబర్ చేత్తో టైపు చేసేటప్పుడు సున్నాకీ 'ఓ' అక్షరానికీ, 8కీ 'బి'కీ తేడా చూసుకో. ఒక్క అక్షరం తప్పితే వాళ్ల రికార్డులో నీ ఫ్రిజ్ కనబడదు. ఆ స్టిక్కర్ చాలా ఫ్రిజ్‌లకి లోపలి పక్క గోడ మీద, కింద కూరల డబ్బా దగ్గర ఉంటుంది. లేకపోతే వెనక చూడు. ఫోటో జత చేయమన్నది అందుకే.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ వరస మార్చాలి. కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే షాక్ కొట్టినా ముందు ప్లగ్ తీసెయ్యి, కొలతల జోలికి పోకుండా ఫోన్ చెయ్యి. తర్వాత రాసే మెయిల్ ఆ వాక్యంతోనే మొదలవ్వాలి.

పంపాక కంప్లయింట్ నంబర్ ఒకటి వస్తుంది. ఆపైన ఏం రాసినా కొత్త మెయిల్ తెరవకుండా ఆ వరసలోనే జవాబుగా రాయి. టెక్నీషియన్ వచ్చి వెళ్లిన రాత్రి మళ్లీ అదే గ్లాసు, అదే అర, అదే థర్మామీటర్. తెల్లారి 5 లోపు ఉంటే ఆ మాట రాసి ధన్యవాదాలు చెప్పు. ఇంకా 12 దగ్గరే ఉంటే అతను ఏ రోజు వచ్చాడో, ఏ భాగం మార్చాడో రాసి, పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన పెట్టు. రిపేరు చేసినా లోపం పోలేదు కాబట్టి, అప్పుడు కొత్త ఫ్రిజ్ అడుగు.

ఉంటాను,
మీ అన్నయ్య