పేరు కొట్టేస్తే మనిషి మాయమవుతాడా?

"సార్, మాది విజయనగరం. యూనివర్సిటీలో మత సంవాద అధ్యయన కేంద్రంలో రీసెర్చ్ అసిస్టెంట్‌ని. గ్రాంట్‌కి దరఖాస్తు రాస్తున్నాం. ఆరుగురం ఒకే లింకులో దిద్దుతున్నాం. ముందుగా చేసిన 12 ఇంటర్వ్యూల పట్టికను అనుబంధంగా పెట్టి, పేర్ల మీద నల్లగీత వేసి పీడీఎఫ్ చేశాం. డేటాను ఎలా కాపాడతారో రెండు పేజీల్లో రాయమన్నారు. రికార్డింగులు పాస్‌వర్డ్ పెట్టి క్లౌడ్‌లో ఉంచుతామని రాస్తే చాలా?"

చాలదు. ముందు ఆ పీడీఎఫ్ తెరిచి Ctrl+A, Ctrl+C నొక్కండి. Notepad తెరిచి Ctrl+V కొట్టండి. గీత కింద ఉన్న పేర్లు అక్కడ కనిపిస్తే మీరు వాటిని తీసేయలేదు, పైన రంగు పూశారంతే. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, మెడికల్ రిపోర్టులు పంపేవాళ్లు కూడా ఇదే పొరపాటు చేసి నాకు రాస్తూనే ఉన్నారు. 'ఇది కప్పుతుంది, చెరపదు' అని ఆ గీత బటన్ పక్కన ఒక్క ముక్క రాసిపెట్టడానికి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

పేరు చెరిపేసి ఆ చోట A07 లాంటి కోడ్ రాయాలి. అది కూడా మీరు పంచుకుంటున్న డాక్యుమెంట్‌లో కాదు. అందులో చెరిపినా పాత వెర్షన్ల చరిత్రలో పేర్లు అలాగే ఉంటాయి, దిద్దే అనుమతి ఉన్న ఎవరైనా వెనక్కి వెళ్లి చూడొచ్చు. అనుబంధాన్ని కొత్త ఫైల్‌లో మొదటి నుంచి టైప్ చేసి, దాన్నే పీడీఎఫ్ చేయండి. పేర్లున్న పాత డాక్యుమెంట్‌ను పూర్తిగా తొలగించండి. కొత్త డాక్యుమెంట్‌కు 'లింకు ఉన్న ఎవరైనా' అనే అనుమతి తీసేసి ఆరుగురి మెయిల్ ఐడీలు ఇవ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ పట్టికలో ఒక వరస ఇలా ఉందనుకోండి: A07, ఊరి పేరు, మహిళ, 42 ఏళ్లు, క్రైస్తవురాలు, అంగన్‌వాడీ కార్యకర్త. పేరు లేదు. కానీ ఒక ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్తలు ఎంతమంది ఉంటారు? ఒకరు, ఇద్దరు. వాళ్లలో 42 ఏళ్లావిడ ఎవరో ఆ ఊరి బస్టాప్‌లో అడిగితే ఇల్లు చూపిస్తారు.

ఊరికి బదులు 'తీరప్రాంతం', 42కి బదులు '40–49', ఉద్యోగానికి బదులు 'ప్రభుత్వ పథకంలో పని' అని రాస్తే కొంత నయం. తర్వాత షీట్‌లో ఫిల్టర్ పెట్టి, ఏ కలయికలోనైనా ఐదుగురికంటే తక్కువ ఉన్నారేమో చూడాలి. మీ దగ్గరున్నది 12 మందే. మూడు మతాలు, ఆడ మగ అని విడదీస్తేనే ఆరు గళ్లు అవుతాయి, గడికి సగటున ఇద్దరు. కాబట్టి మనిషికో వరస ఉండే పట్టికే వద్దు. మహిళలు ఎందరు, పురుషులు ఎందరు, ఏ మతం వాళ్లు ఎందరు అని వేటికవి విడిగా మొత్తాలు ఇవ్వండి. ఊళ్ల పేర్లు అసలే వద్దు. మీరు ఇంటర్వ్యూలు చేయగలరని గ్రాంట్ పరిశీలించేవాళ్లకు తెలియడానికి అంతకంటే అక్కర్లేదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతం పాటించేవాళ్లను ఎస్సీలుగా పరిగణించరు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు బీసీ-సి కింద వస్తారు. మీరు సంవాదం గురించి అడుగుతారు. ఆ A07 ఆవిడ నమ్మకంగా "ఆదివారం ప్రార్థనకు వెళతామండి, అబ్బాయి సర్టిఫికెట్ మాత్రం పాతదే" అంటుంది. ఆ ఒక్క వాక్యం బయటికి పోతే ఆ అబ్బాయి చదువు, ఉద్యోగం రెండూ వివాదంలో పడతాయి. బాబా ఖాదర్ వలీ దర్గాకు వెళ్లొచ్చి, సిరిమానోత్సవం నాడు పైడితల్లమ్మకు మొక్కుకునే కుటుంబాలున్న ఊరు మనది. ఎదుటి మనిషి మీద నమ్మకంతో ఇక్కడ జనం మనసు విప్పి మాట్లాడతారు. ఢిల్లీలో కూర్చుని మీ దరఖాస్తు చదివేవారికి ఇవన్నీ తట్టవు. అందుకే ఈ ప్రమాదాన్ని మీ రెండు పేజీల్లో మొదటి పేరాలోనే విడమరిచి రాయండి.

'చట్టప్రకారం నడుచుకుంటాం' అని రాసి దాటేయకండి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మతానికంటూ ప్రత్యేక వర్గం లేదు. పరిశోధనకు మినహాయింపు ఉన్నా దానికి షరతులున్నాయి. గ్రాంట్ ఇచ్చేది యూరప్ సంస్థ అయితే, అక్కడి నిబంధనల్లో మత విశ్వాసం ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారం. మన చట్టంలో నాకు నచ్చే మాట ఒకటుంది: అంగీకారం ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలి. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అంగీకారం తీసుకుని, వద్దనుకుంటే ఈమెయిల్ పంపమంటే అది సులువు కాదు. ఒక ఫోన్ నంబర్ ఇవ్వండి, ఏ తేదీలోపు చెబితే రికార్డింగ్ చెరిపేస్తారో రాయండి.

ఇక రికార్డింగులు. క్లౌడ్‌కి ఎక్కకముందే అవి జారిపోయే చోటు మీ ఫోన్. బ్యాకప్ ఆన్‌లో ఉంటే రికార్డర్ యాప్ మిమ్మల్ని అడక్కుండానే ఫైళ్లను పైకి పంపేస్తుంది. మనం ఆపేసిన బ్యాకప్ అప్‌డేట్ తర్వాత మళ్లీ ఆన్ అయి ఉండటం నేను నా ఫోన్‌లోనే చూశాను. వాడుకునే మనిషి వద్దన్నదాన్ని అప్‌డేట్ పేరుతో మళ్లీ మొదలుపెట్టే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి నెట్ లేని వాయిస్ రికార్డర్లు రెండు కొంటామని బడ్జెట్‌లో రాయండి. ఆ సాయంత్రమే ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, 7-Zip ప్రోగ్రామ్‌తో ఈ కమాండ్ కొట్టి తాళం వేయాలి:

```
7z a -p -mhe=on A07.7z A07.wav
```

పాస్‌వర్డ్ అది అడిగినప్పుడు ఇవ్వండి. -mhe=on మర్చిపోతే లోపలి ఫైల్ పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. 'ఫలానా ఊరి పాస్టర్ గారు' అని ఫైల్‌కి పేరు పెట్టే అలవాటు ఉంటే అదొక్కటే చాలు కొంప మునగడానికి. తాళం వేసిన ఫైల్ తెరుచుకుంటోందని చూసుకున్నాకే రికార్డర్‌లోదీ, ల్యాప్‌టాప్‌లోని .wav ఫైలూ చెరపండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా కాగితం మీద ఉండాలి, వేరే బీరువాలో ఉండాలి. ఆ బీరువా తాళం ఏ ఇద్దరి దగ్గర ఉంటుందో, జాబితాను ఏ నెలలో చించేస్తారో ఆ రెండు పేజీల్లో రాయండి.

చాలా దరఖాస్తుల్లో ఖాళీగా ఉండేది ఇంకొకటుంది: మాటల్ని అక్షరాల్లో పెట్టే ఖర్చు. గ్రాంట్ వచ్చాక 48 ఇంటర్వ్యూలు చేస్తారని, ఒక్కోటి గంటంపావు అని అనుకుంటే 60 గంటల ఆడియో. గంట ఆడియో విని టైప్ చేయడానికి ఐదు గంటలు వేసుకోండి, మొత్తం 300 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున 50 పనిదినాలు. దీనికి డబ్బు అడగకపోతే ఏం జరుగుతుందో నేను చూశాను. శ్రీకాకుళంలో ఒక డీటీపీ షాపుకి వేరే పని మీద వెళితే, కంప్యూటర్ తెర మీద ఎవరివో ఇంటర్వ్యూ ఫైళ్లు ఊరి పేర్లతో సహా వరసగా కనిపించాయి. పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్లినవాళ్లు దాన్ని మళ్లీ తీసుకెళ్లారు కానీ కాపీలు అక్కడే ఉండిపోయాయి. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి 50 రోజుల పనికి మీ కేంద్రంలోనే కూర్చుని, నెట్ లేని కంప్యూటర్‌లో టైప్ చేసే మనిషికి జీతం అడగండి. గోప్యత ఒప్పందం మీద ఆ మనిషి సంతకం కూడా తీసుకుంటామని రాయండి.

అప్‌లోడ్ చేసే రోజు చివరి పీడీఎఫ్ మీద మరోసారి Ctrl+A, Ctrl+C కొట్టి, Notepad లో మీ 12 మంది పేర్లనూ ఒక్కొక్కటిగా Ctrl+F తో వెతకండి.